తప్పు బండి ఎక్కామని కృష్ణ దాటాక తెలిస్తే తెనాలిలో దిగాలా, ఒంగోలు దాకా పోవాలా?

విజయవాడలో రాజమండ్రి వెళ్లే బండి అనుకుని ఎక్కాను. సీటు కోసం వెతుకుతుండగానే కిటికీలోంచి కృష్ణ కనిపించింది. విజయవాడ నుంచి రాజమండ్రికి వెళ్లే దారిలో కృష్ణ దాటే పనే లేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయనను అడిగితే, "ఇది చెన్నై బండి కదమ్మా" అన్నారు.

వంతెన దాటగానే కృష్ణా కెనాల్ జంక్షన్ వస్తుంది. అక్కడ సిగ్నల్ కోసం బండి నెమ్మదిస్తే దూకేద్దామా అనిపిస్తుంది. వద్దు. ప్లాట్‌ఫాం లేని చోట కంకర మీద దిగడం, పక్క లైనులో బండి వస్తుందేమో చూసుకోవడం, అంత సాహసం అరగంట కోసం అవసరమా? చైను లాగడమూ అంతే. సరైన కారణం లేకపోతే 1,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే ఏడాది దాకా జైలు.

ఇక మిగిలింది తెనాలి, ఒంగోలు. తెనాలి విజయవాడకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు, ఒంగోలు దాదాపు 140. నా ఓటు తెనాలికే, కానీ దగ్గరని మాత్రమే కాదు. చెన్నై నుంచి విజయవాడ వైపు వచ్చే బండ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. రైలు లేకపోయినా విజయవాడకు బస్సులున్నాయి. మీరు ఎక్కాల్సిన బండి కూడా చెన్నై వైపు నుంచే వస్తూ ఆలస్యంగా నడుస్తుంటే, దాన్ని తెనాలిలోనే పట్టుకునే వీలుంది. బండి విజయవాడలోనే బయలుదేరేదైతే ఆ ఆశ లేదు, ఆ టికెట్ డబ్బు పోయినట్టే.

ఎక్కిన బండి తెనాలిలో ఆగనిదైతేనే లెక్క మారుతుంది. అప్పుడు మొదట ఆగిన చోటే దిగిపోవడం తప్పు కావచ్చు. చిన్న స్టేషన్‌లో ఆగి దిగితే, తిరిగి వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగకపోతే ప్యాసింజర్ కోసం గంటలు గంటలు పడిగాపులు. అలాంటప్పుడు ఇంకాస్త ముందుకు వెళ్లి ఒంగోల్లో దిగడమే నయం. ఫోన్‌లో రైల్వే వాళ్ల NTES యాప్ తెరిచి, దిగబోయే స్టేషన్‌కు వచ్చే రెండు మూడు గంటల్లో ఏ బండ్లున్నాయో చూస్తే నిమిషంలో తేలిపోతుంది. దూరం కాదు, తిరుగు బండి ఎప్పుడన్నదే చూడాలి.

టికెట్ సంగతి ఒకటుంది. వేరే బండి టికెట్ ఈ బండిలో చెల్లదు. పట్టుబడితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనం. నేనే వెళ్లి టీటీఈకి చెప్పాను. ఆయన టికెట్ చూసి, తెనాలిలో దిగిపొమ్మన్నారు. అందరూ అలా వదిలేస్తారని మాత్రం అనుకోకండి.

తెనాలిలో దిగాక విజయవాడకు కాకుండా నేరుగా రాజమండ్రికే జనరల్ టికెట్ తీసుకున్నాను. మళ్లీ విజయవాడలో దిగి కౌంటర్ వెతుక్కునే బాధ తప్పింది. ఈసారి ఎక్కే ముందు పెట్టె మీద బోర్డు రెండుసార్లు చదివాను.