రికర్షన్ లేని మెర్జ్ సార్ట్: ఏళ్ల తరబడి వాడాక

చిన్న బోర్డుల మీద సి కోడ్ రాసే పనిలో నేను ఏళ్ల తరబడి వాడుతున్న సార్ట్ ఇదే, కింద నుంచి పైకి కట్టుకుంటూ వచ్చే మెర్జ్ సార్ట్. వేగం చూసి ఎంచుకున్నది కాదు. మేం పాటించే మిస్రా సి 2012 నియమాల్లో 17.2 ప్రకారం ఫంక్షన్ తనని తాను పిలుచుకోకూడదు, కాబట్టి అందరూ కాలేజీలో రాసే మెర్జ్ సార్ట్ మా దగ్గర కోడ్ రివ్యూ దాటదు. స్టాక్ నిండిపోతుందని కొందరు చెప్పే భయంలో మాత్రం పస లేదు, 10 లక్షల ఎలిమెంట్లకైనా రికర్షన్ లోతు 20 దగ్గరే ఆగుతుంది.

పని తీరు తేలికే. ఒక్కో ఎలిమెంట్‌ని ఒక రన్ అనుకుని పక్కపక్క రన్‌లని జతగా కలపాలి, తర్వాత రెండేసి, నాలుగేసి, ఎనిమిదేసి. నేను వాడే రూపం ఇది, `a` లో సార్ట్ చేయాల్సిన డేటా, `b` అంతే సైజున్న రెండో బఫర్, `n` ఎలిమెంట్ల సంఖ్య:

```c
uint16_t *s = a, *d = b, *t;
for (size_t w = 1; w < n; w *= 2) {
    for (size_t i = 0; i < n; i += 2 * w) {
        size_t m = i + w < n ? i + w : n;
        size_t e = i + 2*w < n ? i + 2*w : n;
        merge(s, d, i, m, e);
    }
    t = s; s = d; d = t;
}
return s;
```

అసలు కిటుకంతా `m`, `e` లెక్కలోనూ ఆ చివరి `return s` లోనూ ఉంది. 9 అంకెలతో చూద్దాం: 7 3 9 1 8 2 6 5 4. మొదటి పాస్ తర్వాత 3 7, 1 9, 2 8, 5 6, చివర 4 ఒంటరిగా. రెండో పాస్‌లో 1 3 7 9, 2 5 6 8, మళ్లీ 4 ఒంటరే. మూడో పాస్‌లో 1 2 3 5 6 7 8 9, అప్పుడూ 4కి జత లేదు. నాలుగో పాస్‌లో ఎనిమిది ఒక పక్క, ఒకటి ఒక పక్క కలుస్తాయి. ఆ ఒక్క 4 కోసం తొమ్మిదింటినీ మళ్లీ కాపీ చేయాలి, రెండు ఘాతాన్ని కొద్దిగా దాటిన సైజుల్లో ఈ వృథా తప్పదు.

జత లేని ఆ 4ని ప్రతి పాస్‌లోనూ `d` లోకి కాపీ చేసి తీరాలి. "ఒక్కటే కదా, సార్ట్ అయ్యే ఉంది" అని వదిలేస్తే బఫర్లు తారుమారు అయ్యాక దాని చోట ఏదో చెత్త కనిపిస్తుంది. 8, 16, 64 లాంటి సైజులతో టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. అందుకే నా టెస్ట్‌లో `n` 0 నుంచి 70 దాకా ప్రతి సైజూ ఉంటుంది.

దీనికన్నా దొంగ బగ్ ఒకటుంది. పాస్‌ల సంఖ్య సరి అయితే ఫలితం `a` లోనే దొరుకుతుంది, బేసి అయితే `b` లో ఉంటుంది. 9 నుంచి 16 దాకా నాలుగు పాస్‌లు కాబట్టి పిలిచినవాళ్లు `a` చూసుకున్నా సరిపోతుంది, 5 నుంచి 8 దాకా మూడే కాబట్టి వాళ్లకి సగం సార్ట్ అయిన డేటా దొరుకుతుంది. పది ఎలిమెంట్లతో ఓకే, ఏడింటితో తేడా అని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఇదే. దీని గురించి టెన్షన్ పడకుండా పాయింటర్ తిరిగి ఇచ్చేస్తే చాలు, లేదా బేసి అయినప్పుడు చివర ఒక కాపీ.

వేగం కావాలంటే ముందు 32 ఎలిమెంట్ల ముక్కల్ని ఇన్సర్షన్ సార్ట్ చేసి `w` ని 32 నుంచి మొదలుపెట్టొచ్చు. ప్రతి పాస్ మొత్తం అర్రేని చుట్టి వస్తుంది కాబట్టి, కాష్‌లో పట్టని డేటాకి ఇది బాగానే పనిచేస్తుంది: 10 లక్షలకు 20 పాస్‌లు కాస్తా 15 అవుతాయి. 20 సరి, 15 బేసి, అంటే ఫలితం ఉండే బఫర్ మారిపోయింది! పాత కోడ్ `a` నే నమ్ముకుని ఉంటే ఈ మెరుగుదల దాన్ని విరగ్గొడుతుంది.

మెర్జ్ లోపల పోలిక `<=` ఉండాలి, సమానమైతే ఎడమదాన్నే ముందు తీసుకోవాలి. `<` రాస్తే అంకెల టెస్ట్‌లన్నీ పాస్ అవుతాయి, కానీ ఒకే ప్రయారిటీ ఉన్న రికార్డుల టైమ్ వరుస చెదిరిపోతుంది.

నాకు నిజంగా నచ్చనిది అదనపు మెమరీ. 12 బైట్ల రికార్డులు 512 ఉంటే డేటా 6 కిలోబైట్లు, రెండో బఫర్ ఇంకో 6. ర్యామ్ 20 కిలోబైట్లు ఉన్న చిప్‌లో అది ఎక్కువే, అందుకని రికార్డుల్ని కదపకుండా 16 బిట్ల ఇండెక్సుల్నే సార్ట్ చేస్తాను, పైన `uint16_t` అందుకే. రెండు ఇండెక్స్ అర్రేలూ కలిపి 2 కిలోబైట్లే. అది కూడా పట్టని చోట హీప్ సార్ట్ వైపు వెళ్తాను, సమానమైన వాటి వరుస పోయినా ఫర్వాలేదనుకుంటేనే. ఇక ముందే దాదాపు సార్ట్ అయి వచ్చే డేటాకి ఇది దండగ: ఈ కోడ్ ఏమీ గమనించదు, అన్ని పాస్‌లూ తిరిగే ఆగుతుంది.