రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్: ఏళ్లుగా రెండూ వాడుతున్నవాడి సమీక్ష

రాయగడ, గుణుపురం వైపు మిల్లుల్లోనూ ప్రైవేటు కాలేజీల్లోనూ పనిచేసి విశాఖకో హైదరాబాదుకో మారే మనవాళ్లు చాలామంది ఈ రెండింటిలో ఏదో ఒకటి చేతికొస్తే చాలనుకుంటారు. చాలదు. రెండింటి పనీ వేరు.

రిలీవింగ్ లెటర్ ఒక్క సంగతే చెబుతుంది: రాజీనామా ఆమోదించాం, ఫలానా తేదీ పనివేళలు ముగిశాక ఈ మనిషిని విధుల నుంచి విడుదల చేశాం అని. కొత్త కంపెనీకి కావలసింది అదే, ఎందుకంటే ఒకే మనిషి ఒకే రోజున రెండుచోట్ల ఉద్యోగి కాకూడదు. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో ఉండేది మీ సర్వీసు: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ హోదాలో, ఏ పని చేశారో. సర్కారీ పోస్టుకు దరఖాస్తు పెట్టినప్పుడు అడిగేది దీన్నే. అక్కడ రిలీవింగ్ లెటర్ పెడితే తీసుకోరు, అందులో చేసిన పని వివరం ఉండదు కాబట్టి.

నా లెక్కలో రిలీవింగ్ లెటర్‌కి పదునెక్కువ, సర్టిఫికెట్‌కి ఆయుష్షు ఎక్కువ. చిక్కులన్నీ మాత్రం రిలీవింగ్ లెటర్‌లోని తేదీ దగ్గరే వస్తాయి.

ఉదాహరణకి, అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు 30 రోజులని ఉంది. జూన్ 3న రాజీనామా మెయిల్ పెట్టారు. హెచ్‌ఆర్ మర్నాటి నుంచి లెక్కేస్తే ఆఖరి రోజు జూలై 3. మధ్యలో రెండు రోజులు జీతం లేని సెలవు పెట్టారనుకోండి. చాలా కంపెనీలు ఆ రెండు రోజుల్నీ నోటీసుకు కలిపి, లెటర్‌లో జూలై 5 అని రాస్తాయి. మీరేమో జూలై 3కే అంతా అయిపోయిందనుకుని 4న విశాఖలో చేరిపోయారు. కాగితం ప్రకారం రెండు రోజులు రెండు కంపెనీల్లోనూ ఉన్నట్టు. కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో ఇది తేలితే వివరణ అడుగుతారు. చేరాక దీన్ని సరిదిద్దడం కష్టం, ముందే అయితే తేలిక: ఆ రెండు రోజుల జీతం కోసుకుని జూలై 3కే వదలమని హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగాలి, ఒప్పుకోకపోతే చేరే తేదీని 6కి జరుపుకోవాలి. ఏదైనా సరే, రాజీనామా ఆమోదించే మెయిల్‌లోనే ఆఖరి పనిదినం తేదీ రాయించుకోండి. లెటర్ ఆలస్యమైనా కొత్తచోట కొన్నాళ్లు అదే పనికొస్తుంది.

ఇదే తేదీ పీఎఫ్ ఖాతాలోనూ ఉండాలి. యూఏఎన్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిస్తే ఎగ్జిట్ తేదీ కనిపిస్తుంది. జూలైలో మూడు రోజులే కదా అని పాత కంపెనీ ఆ నెల పీఎఫ్ కట్టకుండా జూన్ 30నే ఎగ్జిట్ వేస్తే, లెటర్ ఒకటి, పోర్టల్ ఇంకొకటి చెబుతాయి. అసలు ఎగ్జిటే వేయకపోతే, చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత Manage కింద Mark Exit లో మీరే వేసుకోవచ్చు. ఆధార్‌కి కలిపిన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. తేదీ వేసేటప్పుడు లెటర్ పక్కన పెట్టుకోండి, ఒకసారి వేశాక మార్చడం సులువు కాదు.

లెటర్‌లో మరొక వాక్యం జాగ్రత్తగా చూడాలి: బకాయిలు తీర్చే షరతు మీద విడుదల చేశాం అని. అలా ఉంటే పని పూర్తి కానట్టే. స్టోర్స్, అకౌంట్స్, ఐటీ విభాగాల నో డ్యూస్ సంతకాలు పూర్తి చేయించి, షరతు లేని లెటర్ అడగండి. రిలీవింగ్ లెటర్, సర్టిఫికెట్ రెండూ కలిపి ఒకే కాగితంగా ఇచ్చే కంపెనీలున్నాయి. తప్పేం లేదు, కానీ అందులో చివరి హోదా ఒక్కటే రాస్తారు. జూనియర్‌గా చేరి సూపర్‌వైజర్‌గా దిగినవాళ్లు ఏ హోదాలో ఎన్నాళ్లో విడివిడిగా రాయించుకోవాలి.

మన సరిహద్దు జిల్లాల్లో పేరుతో వచ్చే తంటా ప్రత్యేకం. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఒడిశా ఆఫీసుల్లో చివరి మాటని ఇంటిపేరుగా తీసుకుంటారు. గడ్చిరోలి, నాందేడ్ వైపు మధ్యలో తండ్రి పేరు కూడా చేర్చి మూడు మాటలు చేస్తారు. ఆధార్‌లో ఒకలా, లెటర్‌లో ఇంకొకలా పడితే కొత్త కంపెనీ అఫిడవిట్ అడగొచ్చు. అందుకే డ్రాఫ్టు చూపించమని అడిగి, ఆధార్‌లోని వరసా స్పెల్లింగూ అక్షరం అక్షరం సరిపోల్చాకే సంతకం పెట్టించుకోండి. ట్రస్టు బడులు సర్టిఫికెట్ ఒడియాలోనో మరాఠీలోనో ఇస్తే, ఇంగ్లీషు ప్రతి కూడా అదే లెటర్‌హెడ్ మీద, అదే తేదీతో, సీలు వేయించి తీసుకోవాలి. బయట చేయించిన అనువాదాన్ని హైదరాబాదులో చాలాచోట్ల ఒప్పుకోరు.