గ్లైడర్‌కు 1.7 మీటర్ల రెక్క: మూడు వేసవుల తర్వాత

మోటారు ఆపేశాక ఈ రెక్క గాలిలో నిలబడే తీరు చూస్తే పాతది మళ్ళీ బిగించబుద్ధి కాదు. అదే 900 గ్రాముల రేడియో గ్లైడర్, అదే బాడీ, అదే తోక. పాత రెక్క కొన నుంచి కొనకు 1.2 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. కొత్తది 1.7 మీటర్లు, వెడల్పు బాడీ దగ్గర 19, కొనలో 9, సగటున 14. విస్తీర్ణం దాదాపు ఒకటే కాబట్టి ఆస్పెక్ట్ రేషియో, అంటే పొడవు సగటు వెడల్పుకు ఎన్ని రెట్లో ఆ లెక్క, 6 నుంచి 12కు పెరిగింది. అనంతపురం శివార్లలో, శెనక్కాయ పీకేసిన చేల మీద దీన్ని ఎగరేస్తున్నాం.

రెక్క కింద ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కొనల దగ్గర అడ్డం లేదు కాబట్టి కింది గాలి చుట్టూ తిరిగి పైకి ఎగబాకుతుంది. దాంతో రెక్క మీదుగా పోయే గాలి మొత్తం కొంచెం కిందికి వాలుతుంది, రెక్కను పైకి మోసే బలం, అంటే లిఫ్ట్, వెనక్కి ఒరుగుతుంది. అలా ఒరిగి వెనక్కి లాగే భాగమే ఇండ్యూస్డ్ డ్రాగ్. సెకనుకు 9 మీటర్ల వేగంలో పాత రెక్కకు ఆ వాలు రెండున్నర డిగ్రీలు, కొత్తదానికి అందులో సగం. అందుకే అదే బరువు మోయడానికి పాత రెక్క ముక్కును ఒకటింపావు డిగ్రీ ఎక్కువ ఎత్తాల్సి వచ్చేది.

బరువులో చెప్పాలంటే ఆ వేగంలో పాత రెక్క ఇండ్యూస్డ్ డ్రాగ్ సుమారు 41 గ్రాములు, కొత్తది 20. మిగతా డ్రాగ్ రెండింటికీ 33 గ్రాములనుకుంటే, నూరు మీటర్ల ఎత్తు నుంచి దిగడానికి పాతదానికి రెండుంబావు నిమిషాలు, కొత్తదానికి మూడు నిమిషాలు దాటి పడుతుంది. ఎర్రనేల వేడెక్కి సుడిగాలులు లేచే వేళ, పైకి లేచే మరో గాలిని వెతుక్కోవడానికి దాదాపు నిమిషం పాటి ఆ తేడాయే ఆధారం.

ఈ మేలు ఆస్పెక్ట్ రేషియోది అని చాలామంది అనుకుంటారు. నిజానికి పొడవుది. బరువు W, పొడవు b, వేగం వల్ల పుట్టే గాలి ఒత్తిడి q, రెక్క పొడవునా లిఫ్ట్ ఎంత బాగా పరుచుకుందో చెప్పే గుణకం e అయితే:

Di = (W/b)² / (π·q·e)

ఇందులో వెడల్పు ఎక్కడా లేదు. పాత 1.2 మీటర్ల రెక్కనే వెనక అంచు కోసి 14 సెంటీమీటర్లకు తగ్గిస్తే రేషియో 8.6 అవుతుంది గానీ, అదే వేగంలో డ్రాగ్ ఆ 41 గ్రాములే. పైగా విస్తీర్ణం తగ్గి, రెక్క మోయలేక స్టాల్ అయ్యే వేగం 20 శాతం పెరుగుతుంది. ఈ కోత పని ఎవరూ చేయొద్దు.

ఇక ఈ రెక్క పెట్టిన ఇబ్బంది. మొదటి వేసవిలో నెమ్మదిగా మలుపు తిప్పితే లోపలి కొన ఉన్నట్టుండి కిందికి పడేది. సెకనుకు 9 మీటర్ల వేగంతో, 15 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేటప్పుడు లోపలి కొన మధ్యభాగం కంటే 5 శాతం నెమ్మదిగా పోతుంది. అక్కడ వెడల్పు 9 సెంటీమీటర్లే. నలభై డిగ్రీల ఎండలో గాలి పల్చబడి, వేగం, వెడల్పులను బట్టి గాలి పారే తీరును చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 44 వేల దగ్గరకు పడిపోతుంది. అంత తక్కువలో పైపొర గాలి రెక్కను అంటిపెట్టుకోలేక తొందరగా విడిపోతుంది, మధ్యభాగం బాగానే మోస్తుండగా కొన చేతులెత్తేస్తుంది. దీన్ని ఎత్తులో పరీక్షించాలి: తిన్నగా పోతూ ఎలివేటర్ మెల్లగా లాగితే ముక్కు నేరుగా వాలాలి. ఒక పక్కకు ఒరిగితే లోపం కొనదే.

రెండు పనులతో కుదురుకుంది. రెక్కకు తొడిగిన ప్లాస్టిక్ ఫిల్మ్‌ను వేడిగాలితో మెత్తబరిచి, కొన దగ్గర వెనక అంచు 3 మిల్లీమీటర్లు పైకి లేచేలా మెలితిప్పి, చల్లారేదాకా పట్టుకోవాలి. అది 2 డిగ్రీల మెలిక. తర్వాత బయటి మూడో వంతు మీద, ముందంచు నుంచి పావు వెడల్పు దూరంలో, అర మిల్లీమీటరు మందం దారం అంటించాలి. ఆ దారం గాలిని ముందే కలబెట్టి అతుక్కునేలా చేస్తుంది. రెండు వైపులా మెలిక సమానంగా ఉండాలి, ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా విమానం ఒక పక్కకు లాగుతుంది.

ఈ మందుకూ ఖర్చుంది. మెలిక వల్ల వేగంలో కొనలు దాదాపు ఏమీ మోయవు, దారం తన వంతు డ్రాగ్ తెస్తుంది. కాబట్టి పైన చెప్పిన మూడు నిమిషాల్లోంచి కొంత తీసేసుకోండి. ఆ 33 గ్రాములు రెండింటికీ సమానమన్నది కూడా ఉదారమైన లెక్కే, సన్న రెక్కకు అది కాస్త ఎక్కువే.

గాలి బలంగా ఉన్న రోజుల్లో మాత్రం పాత రెక్కే నయం. ఎదురుగాలిని చీల్చుకుని సెకనుకు 18 మీటర్లతో పోవాలంటే ఇండ్యూస్డ్ డ్రాగ్ నాలుగో వంతుకు, అంటే 10, 5 గ్రాములకు పడిపోతుంది. మిగతా డ్రాగ్ 130 దాటుతుంది. అక్కడ పొడవు మిగిల్చేది 5 గ్రాములే, కానీ గాలి తోపుడుకు పొడుగు రెక్క ఎక్కువ ఎగిరిపడుతుంది. మాకు విశాలమైన చేలున్నాయి, మధ్యాహ్నం ఎండ ఉంది, తొందర లేదు. గుట్ట అంచున గాలికి ఎదురెగరేసేవాళ్ళు, చిన్న మైదానంలో దించాల్సినవాళ్ళు 1.4 మీటర్ల దగ్గర ఆగితే మేలేమో.