కరూ్నలు, కరూన్లు: చెడిపోయిన ఒత్తులను పట్టడానికి ఏది మేలు?

మా మేనమామ చాలా ఏళ్ల క్రితం కర్నూలులో పండుగల ఆచారాల మీద 64 పేజీల చిన్న పుస్తకం వేయించాడు. ఇప్పుడు మళ్లీ అచ్చు వేద్దామంటే మిగిలింది ఒక్క పీడీఎఫ్. దాంట్లోంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే మొదటి పేజీలోనే మా ఊరి పేరు పాడైంది. ఒకచోట "కరూ్నలు", ఇంకోచోట "కరూన్లు". ఈ రెండూ ఒకే జబ్బు కాదు. ఒకదాన్ని పట్టే పద్ధతి రెండోదాన్ని పట్టలేదు. అందుకే ఏది దేనికి పనికొస్తుందో రాస్తున్నాను.

ముందు ఆ పేరును విప్పి చూద్దాం. కర్నూలు అన్న మాట కంప్యూటర్ లోపల ఏడు గుర్తులుగా ఉంటుంది: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం. పొల్లు పక్కన న వస్తేనే అది నవత్తుగా మారి ర కింద కూర్చుంటుంది. పేజీ మీద మాత్రం బొమ్మల వరుస వేరు. ముందు "రూ" బొమ్మ, తర్వాత దాని కింద నవత్తు బొమ్మ. పీడీఎఫ్ దాచుకునేది ఈ బొమ్మల వరుసనే. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక అందులో సరిగ్గా ఉంటే నవత్తు "పొల్లు, న" అని బయటికి వస్తుంది. అప్పుడు కూడా ఊత్వం ముందే వచ్చేసి ఉంటుంది కాబట్టి "కరూ్నలు" అవుతుంది. పట్టికలో అది "న, పొల్లు" అని తిరగబడి ఉంటే ఆ పొల్లు పక్కనున్న లు మీద పడి "కరూన్లు" అవుతుంది. మూడింట్లోనూ గుర్తులు ఏడే, కాబట్టి అక్షరాల సంఖ్య పోల్చి లాభం లేదు.

మొదట కంటితోనే చదివాను. మాట మొదట్లోనే ఒత్తు వచ్చిన "్రపజలు" లాంటివి వెంటనే కనిపిస్తాయి, ఎందుకంటే ఒత్తుకు పట్టుకోవడానికి అక్షరం లేక చాలా చోట్ల చుక్కలతో గీసిన సున్నా వస్తుంది. "కరూ్నలు"లో మాత్రం పొల్లు దీర్ఘం మీదే ఎక్కి కూర్చుంటుంది. చిన్న అక్షరాల్లో అది మచ్చలా ఉంటుంది తప్ప తప్పులా ఉండదు. పది పేజీలు దాటేసరికి కన్ను తనకు తెలిసిన మాటనే చదవడం మొదలుపెట్టింది. తప్పులు వెతికే పనిని మొదట కంటికి అప్పజెప్పడం నాకు సరికాదనిపించింది.

రెండో పద్ధతి నమూనాతో వెతకడం. మామూలు తెలుగు రాతలో గుణింతపు గుర్తు తర్వాత పొల్లు రాదు. గుణింతపు గుర్తుతో గానీ పొల్లుతో గానీ మాట మొదలవదు. ఈ రెండు నియమాలనే VS Code వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గుర్తు నొక్కి, ఒక్కోటీ విడిగా ఇవ్వవచ్చు:

```
[\u0C3E-\u0C4C]\u0C4D
(^|\s)[\u0C3E-\u0C4D]
```

దీనికి దొరికిందంటే అది తప్పే, అనుమానం అక్కర్లేదు. అందుకే నేను ముందు నడిపేది ఇదే. దిద్దడం కూడా దీంతోనే అవుతుంది. మొదటి వరుస వెతకడానికి, రెండోది దాని స్థానంలో పెట్టడానికి:

```
([\u0C3E-\u0C4C])(\u0C4D[క-యల-హ])
$2$1
```

"కరూ్నలు" ఒక్క దెబ్బకు "కర్నూలు" అయింది. "మతా్స్యవతారం"లో రెండు ఒత్తులున్నాయి కాబట్టి రెండుసార్లు నడిపితేనే "మత్స్యావతారం" అవుతుంది. ఇక ఏమీ దొరకడం లేదని చూపేవరకు మళ్లీ మళ్లీ నడపాలి.

దిద్దే వరుసలో ర ను కావాలనే వదిలేశాను. పాత డీటీపీ ఫాంట్లలో చాలావాటిలో క్రారవడిని అక్షరానికి ముందు కొట్టేవాళ్లు, ఎందుకంటే అది ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. ఆ అలవాటు కాపీలోకి కూడా దిగుతుంది. "రాష్ట్రం" కాస్తా "రా్రష్టం" అవుతుంది. ర ను కూడా కలిపి దిద్దితే అది "ర్రాష్టం" అయి, తప్పు మీద తప్పు చేరుతుంది. అంతకన్నా ఘోరం, ఆ తర్వాత నమూనాకు అది దొరకదు. కాబట్టి గుణింతపు గుర్తు పక్కన క్రారవడి వచ్చిన ప్రతిచోటా చేత్తోనే దిద్దాలి. మా పుస్తకంలో ఒక సాయంత్రం దానికే పోయింది. ఆ సాయంత్రం వృథా అనిపించలేదు.

ఇంత చేసినా "కరూన్లు" అలాగే ఉంటుంది. అందులో ఏ నియమమూ తప్పలేదు, న కింద లవత్తు తెలుగులో ఉన్నదే. "చక్రం" బదులు "చ్రకం" వచ్చినా అంతే. స్పెల్‌చెక్ పెట్టి చూశాను. మన మాటలకు ప్రత్యయాలు అతుక్కుంటాయి కదా, "పండక్కొచ్చినోళ్లు", "సెనక్కాయలు" లాంటి సరైన మాటల కింద కూడా ఎర్రగీత పడింది. పేజీ అంతా ఎర్రబడితే ఇక చూసేదేముంది? దాన్ని పక్కన పెట్టేశాను.

దానికి బదులు పనికొచ్చింది జంటాక్షరాల లెక్క. పాఠంలోని సంయుక్తాలన్నీ తీసి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో తక్కువ నుంచి ఎక్కువకు రాయించాలి:

```python
import re, collections
t = open("pustakam.txt", encoding="utf-8").read()
j = re.findall(r"(?:[క-హ]\u0C4D)+[క-హ]", t)
for k, n in sorted(collections.Counter(j).items(), key=lambda x: x[1]):
    print(n, k)
```

మాటలు వేలల్లో ఉన్నా సంయుక్తాల జాబితా చిన్నదే, కూర్చుని చదవగలిగినంత. పైభాగంలో ఒకటి రెండుసార్లే వచ్చిన "చ్ర" లాంటివి ఉంటాయి. "స్ట్మ" అని ఒకటి కనిపిస్తే వెనక్కి వెళ్లి చూశాను. అది "పోస్ట్‌మాస్టర్". మధ్యలో కంటికి కనిపించని విడదీసే గుర్తు, U+200C, పేస్ట్‌లో ఊడిపోయి "పోస్ట్మాస్టర్" అయింది. ఇలాంటిది నమూనాకు ఎప్పటికీ చిక్కదు.

అయితే అరుదైనవే చూస్తే చాలదు. "కరూన్లు" పుస్తకం నిండా ఉంటే "న్ల" అరుదు కాదు, జాబితాలో కిందికి దిగిపోతుంది. అందుకని ఉండాల్సింది లేకపోవడం కూడా చూడాలి. నమూనాతో దిద్దకముందు ఈ లెక్క తీసినప్పుడు "ర్న" ఒక్కటంటే ఒక్కటి లేదు. కర్నూలు గురించిన పుస్తకంలో "ర్న" లేకుండా ఎలా ఉంటుంది? దిద్దిన తర్వాత కూడా అది పేజీల్లో ఉన్నన్నిసార్లు రాకపోతే, మిగిలినవి "న్ల"లో దాగి ఉన్నట్టే.

కాబట్టి నా వరుస ఇది: నమూనా, ఆ తర్వాత లెక్క, చివరికి కన్ను. లెక్క తీసినప్పుడు వింత జంటలే సగానికి సగం ఉంటే మాత్రం దిద్దుకుంటూ కూర్చోకుండా పేజీ చూసి మళ్లీ టైప్ చేయడమే నయం.

చివర్లో కన్ను ఎందుకంటారా? రెండూ నడిపాక ప్రింట్ తీసి మామకు ఇచ్చాను. వినాయక చవితి అధ్యాయాన్ని గట్టిగా చదువుతూ ఆగాడు. "ఇరవయ్యొక్క రకాల ప్రతి ఏందిరా, పత్రి కదా?" క్రారవడి ఒక అక్షరం ముందుకు జరిగితే "పత్రి" కాస్తా "ప్రతి" అవుతుంది. అందులో నియమం తప్పలేదు, "ప్ర" అరుదూ కాదు, "ప్రతి" నిఘంటువులో ఉన్న మాటే. ఆ రోజు మిగతా అధ్యాయాలు కూడా ఆయన గట్టిగా చదివాడు, నేను పాత పీడీఎఫ్ తెరుచుకుని పక్కన కూర్చున్నాను.