చీకటి గేమ్‌లు, బ్రైట్‌నెస్ స్లైడర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లుగా నాది అదే టీవీ, అదే ప్లేస్టేషన్ 4. టీవీ 43 అంగుళాలది, వీఏ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్, హెచ్‌డీఆర్ లేదు. అందుకని ఇక్కడ రాసేదంతా మామూలు ఎస్‌డీఆర్ పిక్చర్ గురించే. హెచ్‌డీఆర్‌లో స్లైడర్లు వేరు, వాటి లెక్క కూడా వేరు. నేను ఆడేవి ఎక్కువగా చీకటి గేమ్‌లు. వాటిలో ఎక్కువసార్లు ఆడింది 2019లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్.

ఆ గేమ్‌లో పోలీస్ స్టేషన్ మెయిన్ హాల్ నుంచి షట్టర్ కింద దూరి వెళ్తే తూర్పు వైపు నడవా వస్తుంది. దీపాలుండవు, నేలంతా నీళ్లు, చేతిలో ఒక్క టార్చ్. టార్చ్ వెలుగు పడని చోట కూడా గోడ అంచు, పడిపోయిన సామాను లీలగా తెలియాలి. నా టీవీలో మొదటి రెండేళ్లూ అవి తెలిసేవి, కానీ నడవా మొత్తం బూడిద రంగులో, ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కాలా ఉండేది. గేమ్ హీరో లియోన్ వేసుకున్న ముదురు నీలం యూనిఫాం సిమెంటు రంగులో కనిపించేది. గేమ్ చెప్పినట్టే చేశాను కదా, ఇలా ఎందుకుందని చాలాకాలం అర్థం కాలేదు.

గేమ్ చెప్పేది అందరికీ తెలిసిందే. నల్లటి స్క్రీన్ మీద మసక గుర్తు ఒకటి పెట్టి, అది కనీకనిపించనట్టు ఉండేదాకా స్లైడర్ జరపమంటుంది. చిక్కు ఆ నల్లటి స్క్రీన్‌తోనే వచ్చింది. మా టీవీలో డైనమిక్ కాంట్రాస్ట్ ఆన్‌లో ఉండేది. స్క్రీన్ దాదాపు అంతా నల్లగా ఉంటే టీవీ తనంతట తాను బ్యాక్‌లైట్ తగ్గించేస్తుంది. దాంతో గుర్తు మాయం. అది కనపడాలని నేను స్లైడర్ నాలుగు మెట్లు పైకి లాగేవాణ్ణి. తీరా గేమ్ మొదలై టార్చ్ వెలగగానే టీవీ బ్యాక్‌లైట్ మళ్లీ పెంచేది. నేను పెంచిన నాలుగు మెట్లకు అది కూడా తోడై అంతా తెల్లబారేది.

మీ టీవీ ఇలా చేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. రాత్రిపూట గదిలో లైట్లు ఆపేసి, ఆ నల్లటి స్క్రీన్ మీద టీవీ మెనూ తెరవండి. మెనూ వచ్చిన ఒకటి రెండు సెకన్లకు చుట్టూ ఉన్న నలుపు కాస్త వెలిగినట్టయితే, టీవీ తనకు తానుగా సర్దుతోందన్నమాట. డైనమిక్ కాంట్రాస్ట్, గది వెలుతురును బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్, పవర్ సేవింగ్, ఈ మూడూ ఆపిన తర్వాతే స్లైడర్ ముట్టుకోవాలి. నేను ఆపేసి మళ్లీ సర్దితే స్లైడర్ మూడు మెట్లు కిందికి వచ్చింది. యూనిఫాం మళ్లీ నీలమైంది.

దీనికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది, ఆర్‌జీబీ రేంజ్, అంటే నలుపు నుంచి తెలుపు దాకా కన్సోల్ టీవీకి పంపే అంకెల పరిధి. ఫుల్ అంటే నలుపు 0 నుంచి తెలుపు 255 దాకా, లిమిటెడ్ అంటే 16 నుంచి 235 దాకా. కన్సోల్ ఫుల్ పంపుతుంటే టీవీ లిమిటెడ్ అనుకుంటే 16 కంటే కింద ఉన్న నీడలన్నీ ఒకే నలుపులో కలిసిపోతాయి. ఏ స్లైడరూ వాటిని సరిగ్గా వెనక్కి తేలేదు. తిరగేసి జరిగితే, నల్లగా ఉండాల్సింది బూడిద రంగులో వస్తుంది. ప్లేస్టేషన్ 4లో ఇది సౌండ్ అండ్ స్క్రీన్ కింద వీడియో అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, టీవీలో బ్లాక్ లెవెల్ లాంటి పేరుతో ఉంటుంది. రెండు చోట్లా ఒకటే ఉండాలి. టీవీలైతే సాధారణంగా లిమిటెడ్ సరిపోతుంది. నేను రెండు వైపులా లిమిటెడ్‌కి మార్చి మళ్లీ ముట్టుకోలేదు.

ఇక స్లైడర్ సంగతి. పేరు బ్రైట్‌నెస్ అని ఉన్నా అన్ని గేమ్‌లలో అది ఒకే పని చేయదు. ఒక ముదురు నీడ విలువ 20 అనుకోండి. కొన్ని గేమ్‌లలో ఆ స్లైడర్ గామాను, అంటే నలుపు తెలుపుల మధ్య ఛాయలు ఎంత వెలగాలన్నదాన్ని, మారుస్తుంది. గామా 1.2 వంతున పెంచితే ఆ 20 దాదాపు 31 అవుతుంది, మధ్యలో ఉన్న 128 సుమారు 144 అవుతుంది, కానీ 0 మాత్రం 0గానే, 255 కూడా 255గానే ఉంటాయి. నీడ తేలుతుంది, నలుపు చెడదు. ఇంకొన్నిటిలో అది ప్రతి విలువకూ ఒకే అంకె కలుపుతుంది. 12 కలిపితే 20 కాస్తా 32 అవుతుంది, చూడటానికి అంతే లాభం. కానీ 0 కూడా 12 అయిపోయింది. పిక్చర్ వెలిసిపోయేది అక్కడే.

ఏ రకమో తేల్చడానికి నేను లోడింగ్ సమయంలో వచ్చే పూర్తి నలుపును టీవీ ఫ్రేమ్ పక్కన పెట్టి చూస్తాను. స్లైడర్ తక్కువలో ఒకసారి, బాగా పెంచి ఒకసారి. పెంచినప్పుడు నలుపు కూడా పెరిగితే అది కలిపే రకం. అలాంటి గేమ్‌లో నలుపు కదలడం మొదలైన మెట్టుకు ఒకటి కిందే ఆగుతాను, గేమ్ చూపే గుర్తు సరిగా కనపడకపోయినా సరే. గామా రకమైతే ఒకటి రెండు మెట్లు ధైర్యంగా పెంచుకోవచ్చు.

కాంట్రాస్ట్ స్లైడర్ విడిగా ఉన్న గేమ్‌లలో చాలామంది చేసే పని, వెలిసిన పిక్చర్‌ను కాంట్రాస్ట్ పెంచి బాగుచేయాలనుకోవడం. నేనూ చేశాను. సాధారణంగా ఇది మధ్య విలువను కదలకుండా ఉంచి రెండు కొసలనూ దూరం లాగుతుంది. 1.2 వంతు పెంచితే 21 దాకా ఉన్న నీడలన్నీ 0 అయిపోతాయి, అంటే బ్రైట్‌నెస్‌తో కష్టపడి తేల్చుకున్న 20 పూర్తిగా పోయింది. పైన 234 నుంచి అంతా తెల్ల మచ్చే. అందుకే గేమ్‌లో కాంట్రాస్ట్‌ను మొదట ఉన్నచోటే వదిలేస్తున్నాను. పిక్చర్ చప్పగా ఉంటే టీవీ బ్యాక్‌లైట్ పెంచుతాను, అది నీడల మధ్య తేడాను చెరపదు.

సర్దేటప్పుడు ఎక్కడ కూర్చున్నామన్నది కూడా లెక్కే. ఒకసారి మా తమ్ముడు దివాన్ చివర కూర్చుని, "అన్నయ్యా, నీకు చీకటిగా ఉందేమో, నాకు మూల దాకా అన్నీ కనపడుతున్నాయి," అన్నాడు. లేచి వాడి చోటికి వెళ్లి చూస్తే నిజమే. వీఏ ప్యానెల్‌ను పక్కనుంచి చూస్తే నీడలు తేలిపోతాయి, ఎదురుగా కూర్చుంటే ముదురుగా ఉంటాయి. అప్పటిదాకా నేను రిమోట్ పట్టుకుని టీవీ పక్కన నిలబడి సర్దేవాణ్ణి. ఇప్పుడు ఆడే చోటే కూర్చుని సర్దుతున్నాను.

గుర్తు సర్దడంతో పని అయిపోయిందనుకోను. ఆ నడవాలో ఒక నిమిషం తిరుగుతాను. టార్చ్ పడని గోడ అంచు తెలుస్తోందా, యూనిఫాం మడతలు విడిగా ఉన్నాయా అని చూస్తాను. తర్వాత మెయిన్ హాల్‌కి వచ్చి దీపాల దగ్గర, విగ్రహం మీద తెలుపులో గీతలు ఉన్నాయా అని చూస్తాను. రెండు చోట్లా బాగుంటేనే వదిలేస్తాను.

ఇంత చేసినా పగటిపూట మాత్రం కుదరదు. మధ్యాహ్నం మా కిటికీ వెలుతురు తెర మీద పడితే ఆ ముదురు నీడలు ఏవీ కనపడవు. గేమ్ స్లైడర్ పెంచితే మళ్లీ పాత బూడిదే. కర్టెన్ వేసి, టీవీ బ్యాక్‌లైట్ పెంచి, గేమ్ స్లైడర్ జోలికి పోకుండా ఆడతాను. రాత్రికి బ్యాక్‌లైట్ తగ్గిస్తాను.