పాస్‌బుక్‌లో లేదంటే పోయినట్టేనా?

మా పర్లాకిమిడి బజార్లో టీ కొట్టు నడిపే మావయ్య ఆదివారం పాస్‌బుక్ చేతబట్టుకుని కంగారుగా వచ్చాడు. అందులో చివరి వరుస శుక్రవారంది, నిల్వ 12,400. యాప్‌లో మాత్రం 11,150.

యాప్ తెరిచిన ప్రతిసారీ బ్యాంకు ఖాతాను అడిగి చూపిస్తుంది. పాస్‌బుక్ అలా కాదు. మెషీన్‌లో పెట్టిన రోజు దాకా ఖాతాలో నమోదైనవే అచ్చవుతాయి, ఆ తర్వాతవి మళ్లీ పెట్టేదాకా కాగితం మీదికి రావు. శుక్రవారం తర్వాత గ్యాసుకు 950, పిల్లాడి ఫీజుకు 1,200 వెళ్లాయి, 900 వచ్చింది. లెక్క వేస్తే సరిగ్గా 11,150.

మినీ స్టేట్‌మెంట్‌ది ఇంకో తంటా. అందులో సాధారణంగా అయిదు నుంచి పది వరుసలే ఉంటాయి. పొద్దున్నే పది, ఇరవై చొప్పున యూపీఐలో టీ డబ్బులు పడే ఖాతాలో నిన్నటి అద్దె వరుస ఎప్పుడో కిందికి జారిపోతుంది. అది పోలేదు, చీటీలో చోటు లేదంతే.

పాస్‌బుక్ చివరి వరుసను యాప్‌లో వెతికి, అక్కడి నిల్వతో పోల్చండి. రెండూ ఒకటైతే మిగతాది అచ్చు ఆలస్యమే. తేడా ఉంటే మాత్రం కౌంటర్‌కు వెళ్లాల్సిందే.