మూతి వంకర: చెవి చీము వల్లా, అక్కి వల్లా? స్టెరాయిడ్ ఎప్పుడు?

"మూతి వంకరపోయింది, 72 గంటల్లో స్టెరాయిడ్ పడాలంటున్నారు, వెంటనే వేసేయమంటారా?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ 72 గంటల లెక్క ఏ కారణమూ దొరకని బెల్స్ పాల్సీకి సరిగ్గా సరిపోతుంది. చెవిలో చీము ఉన్నా, అక్కి పొక్కులు ఉన్నా లెక్క మారుతుంది. నా దృష్టిలో మాత్ర వేయాలా వద్దా అన్నది తేల్చేది చెవిలోకి చూసిన చూపే. (నుదురు ముడతలు పడుతూ మూతి మాత్రమే వంకరైనా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా అది బ్రెయిన్ స్ట్రోక్ కావచ్చు. ఈ చర్చ వదిలేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.)

ముందు అక్కి సంగతి. 60 కిలోల బరువు, షుగరు ఉన్న 55 ఏళ్ల మనిషి అనుకుందాం. సోమవారం చెవిలో పోటు మొదలైంది. బుధవారం పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఒక పక్క నుంచి కారిపోయాయి, ఆ పక్క కన్ను మూతపడటం లేదు. చెవి గుంటలో నాలుగు నీటి పొక్కులు. దీన్నే రామ్‌సే హంట్ సిండ్రోమ్ అంటారు. గడియారం మొదలయ్యేది నొప్పి వచ్చిన సోమవారం కాదు, ముఖం వాలిన బుధవారం. వైరస్ మందు, స్టెరాయిడ్ రెండూ ఆ రోజే మొదలుకావాలి. సాధారణంగా వాలాసైక్లోవిర్ 1000 మి.గ్రా. రోజుకు మూడుసార్లు ఏడు రోజులు, ప్రెడ్నిసోలోన్ 60 మి.గ్రా. ఉదయం తిన్నాక ఒకేసారి రాస్తారు. కిడ్నీ బలహీనంగా ఉంటే వాలాసైక్లోవిర్ మోతాదు తగ్గించాలి, అందుకే క్రియాటినిన్ చూడాలి. పొద్దున వేసిన స్టెరాయిడ్‌కు షుగరు మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కువ పెరుగుతుంది. పరగడుపు రీడింగ్ చూసి బాగానే ఉందనుకుంటే మోసపోతాం. మధ్యాహ్న భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు చూసుకోవాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, పొక్కులకు జాజుతో అక్కి రాయించుకుని మూడు నాలుగు రోజులు ఆగడం. మూడు రోజుల్లో మందు పడినవాళ్లు కోలుకున్నంతగా వారం దాటినవాళ్లు కోలుకోరు. రెండోది, పొక్కులు లేవు కాబట్టి బెల్స్ పాల్సీయే అనుకుని చెవి మళ్లీ చూడకపోవడం. పొక్కులు ముఖం వాలిన తర్వాత కూడా రావచ్చు. చెవి పోటు తీవ్రంగా ఉన్నా, తల తిరుగుతున్నా, వినికిడి తగ్గినా రోజూ చెవీ అంగిలీ చూడాలి.

ఇక చెవి చీము. చెవి పోటు కొత్తగా జ్వరంతో వచ్చి ముఖం వాలితే పని యాంటీబయాటిక్‌తో, కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి చీము బయటికి తీయడంతో మొదలవుతుంది. స్టెరాయిడ్ దానికి తోడు మాత్రమే, అదీ ఈఎన్‌టీ డాక్టరు చూశాక. ఏళ్లుగా దుర్వాసనతో కారే చెవి అయితే, మధ్య చెవిలో చర్మం పేరుకుని గడ్డలా పెరిగే కొలెస్టియటోమా ఎముకను తినేసి నరం దాకా వచ్చి ఉండొచ్చు. దానికి సీటీ స్కాన్, చెవి వెనక ఎముకకు చేసే మాస్టాయిడ్ ఆపరేషన్ కావాలి. ఈలోగా స్టెరాయిడ్ మాత్రలు మింగుతూ కూర్చుంటే రోజులు పోతాయి, నరం మీది ఒత్తిడి పోదు. షుగరు ఉన్న పెద్దవాళ్లకు రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని చెవి పోటుతో ముఖం వాలితే మరీ జాగ్రత్త. అది ఎముకకు పాకిన ఇన్ఫెక్షన్ అయితే స్టెరాయిడ్ కీడే చేస్తుంది.

కాబట్టి అక్కికైతే ఆ రోజే రెండు మందులూ, చీము చెవికైతే ముందు చెవి డాక్టరు.

కంటికి మాత్రం కారణం తేలేదాకా ఆగకూడదు. ప్యాడా, టేపా అంటే నేను టేపునే ఎంచుకుంటాను. గాజ్ గుడ్డ ప్యాడు కింద కన్ను తెరుచుకుంటుంది, గుడ్డ నల్లగుడ్డును రాత్రంతా గీస్తుంది. పగలు గంట, రెండు గంటలకోసారి కన్నీటి చుక్కలు వేయాలి. ఇంత తరచుగా వేసేటప్పుడు ప్రిజర్వేటివ్ లేనివే తీసుకోవాలి. రాత్రి కింది రెప్పలో కొద్దిగా కంటి ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప మీది జిడ్డు పూర్తిగా తుడవాలి, లేకపోతే టేపు అంటదు. కిందికి చూస్తూ వేలితో రెప్ప దించి, పేపరు టేపును పై రెప్ప నుంచి చెంప మీదికి ఏటవాలుగా అంటించాలి. సందు లేదని ఇంట్లో ఒకరు టార్చ్ వేసి చూడాలి. వెంట్రుకలు లోపలికి మడిచిపోకూడదు. కంటి చుట్టూ మూసుకునే కళ్లద్దాలు పగటి దుమ్ముకు పనికొస్తాయి.

అక్కి కంటి నరానికి కూడా సోకితే నల్లగుడ్డుకు స్పర్శ తగ్గిపోతుంది, పుండు పడినా నొప్పి తెలియదు. అందుకే నొప్పి కోసం చూడకుండా, కన్ను ఎర్రబడినా మసకబారినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.